అమ్మ చూడని చీకటి

1980 ఫిబ్రవరి 16. హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు సంపూర్ణ సూర్యగ్రహణం చూస్తున్నారు. ఆ పక్క ఊళ్లోనే ఉన్న అమ్మని మాత్రం తలుపులేసి ఇంట్లో కూర్చోబెట్టారు. "పట్టపగలు చీకటి పడిందట, నేనే చూళ్లేదు" అని ఇప్పటికీ అంటుంది.

"మళ్లీ వస్తుందిలేమ్మా" అన్నాను. వస్తుంది, కానీ ఎల్లకాలం రాదు.

చంద్రుడి కంటే సూర్యుడు దాదాపు 400 రెట్లు పెద్ద, అన్ని రెట్లే దూరం. అందుకే ఇద్దరూ ఒకే సైజులో కనిపిస్తారు, చంద్రుడు సూర్యుణ్ని పూర్తిగా కప్పగలుగుతాడు. అయితే చంద్రుడి ఆకర్షణకి మన సముద్రాలు ఉబ్బుతాయి. భూమి చకచకా తిరుగుతూ ఆ ఉబ్బుని చంద్రుడి కంటే కాస్త ముందుకి తీసుకెళ్తుంది. ఆ ఉబ్బు చంద్రుణ్ని ముందుకి లాగుతుంది. దాంతో అతను పెద్ద కక్ష్యలోకి జరుగుతాడు, భూమి భ్రమణం నెమ్మదిస్తుంది.

ఎంత జరుగుతున్నాడు? అపోలో యాత్రికులు అక్కడ పెట్టిన అద్దాల మీదకి లేజర్ కొట్టి కొలిస్తే, ఏడాదికి 3.8 సెంటీమీటర్లు. ఇలాగే సాగితే సుమారు 60 కోట్ల ఏళ్లకి 20 వేల కిలోమీటర్లు దాటుతుంది. అప్పుడు చంద్రుడు అతి దగ్గరికొచ్చినా సూర్యుడికి సరిపోడు. చుట్టూ ఉంగరం మిగిలిపోతుంది. ఇక పగటి చీకటి ఉండదు.

అమ్మ తలుపుల వెనక కూర్చున్న రోజు నుంచి చంద్రుడు సుమారు 1.7 మీటర్లు జరిగాడు. దాదాపు నా ఎత్తంత. ఈసారి సంపూర్ణ గ్రహణం ఎక్కడొచ్చినా, ఇద్దరికీ టికెట్లు తీస్తా.