పిట్టగోడ లోపల ఆరు చీటీలు

హదీసు పాఠాలలో అబూ ఉమైర్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా నేను చాలా ఉత్సాహంగా బోధించేవాణ్ణి. అబూ ఉమైర్ అంటే హజ్రత్ అనస్ (రజి) గారికి తల్లి వైపు తమ్ముడు, చిన్న పిల్లవాడు. అతను ఆడుకునే చిన్న పిట్ట చనిపోయింది. దిగులుగా ఉన్న ఆ బాలుణ్ణి చూసి దైవప్రవక్త (స) అతని పిట్ట సంగతి ముద్దుముద్దుగా అడిగారు. ఈ ఒక్క హదీసు నుండి అరవైకి పైగా అంశాలను వెలికితీసి ఇబ్నుల్ ఖాస్ అనే ధర్మవేత్త ఒక ప్రత్యేక గ్రంథమే రచించారు. వాటిలో కొన్నిటిని నేను ఏటా విద్యార్థులచేత వల్లె వేయించాను. కాని ఇన్నేళ్ళలో ఏ పిల్లవాణ్ణయినా పక్కన కూర్చోబెట్టుకొని పిట్ట గురించి అడిగానా అంటే, లేదు. ఆ పని మొదటిసారి చేసింది గత దసరా సెలవులలో, చొప్పదండిలోని మా ఇంటి డాబా మీద.

హైదరాబాదులో మూడో అంతస్తులో ఉండే మా అమ్మాయి సెలవులకు వచ్చింది. ఆమె కూతురికి అయిదేళ్ళు. ప్రకృతిలోని వస్తువులను వెతికి పట్టుకునే ఆట ఒకటి ఉందనీ, బడిలో ఆడించారనీ, నాన్నా, నువ్వూ ఒకసారి ఆడించరాదా అనీ మా అమ్మాయి అడిగింది. నేను ఉపాధ్యాయుణ్ణి కదా, వెంటనే ఒక జాబితా తయారు చేశాను. ఇరవై వస్తువులు! మనవరాలిని కరీంనగర్ తీసుకువెళ్ళి, మానేరు డ్యామ్ దగ్గరి ఉజ్వల పార్కులో ఆ కాగితం చేతికిచ్చాను. ఆ పాపకు ఇంకా చదవడం రాదు. నేనే చదివి వినిపిస్తూ, వేప ఆకు ఏది, రావి ఆకు ఏది అని అడుగుతూ నడిచాను. పేరు తెలియని చెట్టును పేరుతో వెతకడం ఎలా సాధ్యం? అరగంటలో రెండు ఆకులు దొరికాయి. మూడోదాని దగ్గర పాప నేల మీద కూర్చుండిపోయి, "నానా, ఇది పరీక్షనా?" అని ఏడ్చింది.

ఆ రాత్రి మా శ్రీమతి ఒక మాట అంది. "పేర్లు నీకు తెలుసు, దానికి తెలియవు. దానికి తెలిసినవేమిటో అడుగు." అయిదేళ్ళ బిడ్డకు తెలిసినవి గరుకు, నునుపు, వాసన, రంధ్రం, చప్పుడు, పొడవు, పొట్టి. వెతకవలసింది వస్తువును కాదు, గుణాన్ని. గరుకుగా ఉన్నది తెమ్మంటే బెరడు తెచ్చినా, ఇటుక ముక్క తెచ్చినా, ఎండిన బెండకాయ తెచ్చినా సరైన జవాబే. ఎందుకు తెచ్చావని అడిగితే బిడ్డ తన వేళ్ళతో తడిమి చూపిస్తుంది. మాటలు అక్కడ మొదలవుతాయి.

మర్నాడు పాత పెళ్ళి పత్రికలను కత్తిరించి ఆరు చీటీలు చేశాము. ఆరే ఎందుకంటే ఇంట్లో ఆరు గుంతలున్న గుడ్ల అట్టపెట్టె ఉంది, ఒక్కో గుంతకు ఒక్కటి. ఇరవై అయితే బిడ్డ లెక్కపెట్టుకుంటుంది. ఆరు అయితే ఒక్కోదాని దగ్గర ఆగుతుంది. చీటీల మీద అక్షరాలు లేవు, బొమ్మలే. గరుకుకు అడ్డదిడ్డమైన గీతలు, వాసనకు ముక్కు, పురుగు కొరికిన ఆకుకు రంధ్రాలున్న ఆకు, చప్పుడుకు చెవి, నీడకు నల్లని మనిషి. ఆరోది గుండ్రంగా, తెల్లగా ఉన్నది. దానికి ఒట్టి సున్న గీశాను. తెల్లని గులకరాయి నా మనసులో ఉంది.

సమయం అస్ర్ నమాజు ముగిసినప్పటి నుండి మగ్రిబ్ వరకు, అంటే అక్టోబరులో సుమారు గంట. అంతకు ముందు డాబా నేల కాలుతుంది. మా పిట్టగోడ పాప గొంతు వరకు వస్తుంది కాబట్టి, దాని పక్కన కుర్చీ గాని, బోర్లించిన బకెట్టు గాని లేకుండా తీసేశాను. నేలపై రాలినది తీసుకోవచ్చు, బ్రతికి ఉన్నదాన్ని కళ్ళతోనే తీసుకోవాలి అని ఒకే ఒక నియమం చెప్పాను. అది సరిపోతుందనుకున్నాను.

ఆట మొదట బాగానే సాగింది. వాసన చీటీకి రాలిన కరివేపాకు దొరికింది. ఎండినది కావడంతో నలిపితే గాని వాసన రాలేదు. చప్పుడుకు కళ్ళు మూసుకొని కూర్చున్నాము. మొదట రోడ్డు మీది బస్సు, ఆ తర్వాత ఎక్కడో పిచ్చుకలు. రంధ్రాలున్న ఆకు కోసం నిమ్మ కుండీ దగ్గరికి వెళ్ళినప్పుడు పాప ముక్కు చిట్లించి, "నానా, ఆకు మీద కాకి రెట్ట" అంది. చూస్తూ ఉండగానే ఆ రెట్ట కదిలింది! అది నిమ్మ ఆకులు తినే సీతాకోకచిలుక పిల్లపురుగు. చిన్నతనంలో అది అచ్చం పిట్ట రెట్టలా నలుపు తెలుపు మచ్చలతో ఉంటుంది, పిట్టలు దాన్ని తినకుండా వదిలేస్తాయి. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. పుల్లతో తాకితే తల వెనుక నుండి చీలిన కొమ్ము లాంటిది బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. తాకనివ్వలేదు గాని, ఆ సంగతి చెప్పాను. పాప చాలాసేపు ఆ కుండీ దగ్గర నుండి కదలలేదు. ఆ చీటీ గుంతలోకి ఏమీ రాలేదు, రానవసరం కూడా లేదనిపించింది.

నీడ చీటీ నాకు మరీ ఇష్టమైనది. నీ కంటే పొడవైన నీడను వెతుకు అన్నాను. చుట్టూ తిరిగి తిరిగి, చివరికి అది తన నీడే అని కనిపెట్టింది. పాప ఎత్తు మూడున్నర అడుగులు. ఆమె ఎత్తుకు సరిగ్గా ముడి వేసిన చున్నీని నీడ వెంబడి పరిచాము. మూడుసార్లు పరిచినా నీడ ఇంకా మిగిలింది. హనఫీ పద్ధతిలో, నడి మధ్యాహ్నపు నీడను మినహాయించి, వస్తువు నీడ దానికి రెండింతలైనప్పుడు అస్ర్ వేళ ప్రవేశిస్తుంది. అక్టోబరులో మా వైపు నడి మధ్యాహ్నపు నీడే దాదాపు సగం ఎత్తు ఉంటుంది. కనుక రెండున్నర చున్నీల దగ్గర అస్ర్ మొదలైందనీ, మేము పైకి వచ్చేసరికి మూడు దాటిందనీ చెప్పాను. మదరసాలో ఈ విషయం బోధించడానికి నల్లబల్ల మీద గీతలు గీసేవాణ్ణి. పిల్లలు తలలూపేవారు. నిజంగా అర్థమైందో లేదో అల్లాహ్‌కే తెలుసు.

నేను చున్నీ మడత పెడుతూ ఉండగా పాప నీళ్ళ ట్యాంకు వెనుకకు వెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు రెండు చేతులూ దోసిలిగా పట్టుకొని ఉంది. దోసిట్లో తెల్లని గుడ్డు!

అక్కడ మొక్క చచ్చిపోయిన కుండీ ఒకటుంది. దానిలో నాలుగు పుల్లలు పరిచి గువ్వ గూడు పెట్టింది. గువ్వల గూళ్ళు ఎప్పుడూ అంతే, పేరుకే గూడు, సాధారణంగా రెండు గుడ్లు. నాకు నోట మాట రాలేదు. తర్వాత గొంతు పెంచాను. "బ్రతికినదాన్ని తీయవద్దని చెప్పానా లేదా?" పాప బెదిరిపోయి, "ఇది కదలడం లేదు కదా నానా. గుండ్రంగా, తెల్లగా ఉన్నది. చీటీలో అదే ఉంది" అంది.

చీటీలో అదే ఉంది. తప్పు చీటీది, అంటే నాది. గుడ్డు బ్రతికినదని అయిదేళ్ళ బిడ్డకు ఎవరు చెప్పారు? పైగా ఆట పెట్టేముందు నేను ఒక్కసారి కూడా ట్యాంకు వెనుక చూడలేదు.

గుడ్డు ఇంకా వెచ్చగానే ఉంది. దాన్ని నా అరచేతిలోకి తీసుకొని రెండో గుడ్డు పక్కన పెట్టి, ఇద్దరమూ మెట్ల గదిలోకి వచ్చి తలుపు సందు నుండి చూస్తూ కూర్చున్నాము. మనిషి చేయి తగిలిన గుడ్డును పక్షి వదిలేస్తుందని మన ఇళ్ళలో అంటారు. చేతి వాసన వల్ల పక్షులు సాధారణంగా గుడ్లను వదలవు. కాని మాటిమాటికీ బెదిరిస్తే గువ్వ గూడునే వదిలి వెళ్ళిపోవచ్చు. అందుకని కదలకుండా కూర్చోవడం ఒక్కటే మేము చేయగలిగింది. ఆ నిశ్శబ్దంలో గుసగుసగా పాపకు ఒక సంఘటన చెప్పాను. ఒక ప్రయాణంలో సహాబీలు ఒక చిన్న పక్షి పిల్లలను రెండింటిని తీసుకున్నారు. తల్లి పక్షి వచ్చి రెక్కలు కొట్టుకుంటూ అల్లాడసాగింది. దైవప్రవక్త (స) వచ్చి, దీని పిల్లలను తీసి దీన్ని బాధపెట్టింది ఎవరని అడిగి, వాటిని తిరిగి ఇచ్చేయమన్నారు. ఇబ్నె మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూదావూద్‌లో ఉంది. పాప అంతా విని, "ఆయన వాళ్ళను అరిచారా?" అని అడిగింది. "హదీసులో అలా లేదు బేటీ" అన్నాను. ఆ తర్వాత క్షమాపణ అడగవలసింది నేనే కాబట్టి అడిగాను.

పావుగంటకు గువ్వ ముందు ట్యాంకు మీద వాలింది. మెడ ఆడిస్తూ అటూ ఇటూ చూసింది. ఎగిరిపోయింది. మళ్ళీ వచ్చింది. మగ్రిబ్ అజాన్‌కు కొంచెం ముందు కుండీలోకి దిగి కూర్చుంది. గువ్వలలో పగటిపూట ఎక్కువగా మగది, రాత్రంతా ఆడది పొదుగుతాయి. వచ్చింది ఏదో మాకు తెలియలేదు.

ఆ తర్వాత రోజుల్లో ఆట ట్యాంకు ఇవతలి సగానికే పరిమితమైంది. ఆరో చీటీని చించేసి, రాలి రంగు మారిన ఆకు బొమ్మ గీశాను. ఇప్పుడు ప్రతి చీటీ గీసేముందు నేను ఒక్కణ్ణే పైకి వెళ్ళి, ఈ గుణానికి సరిపోయే వాటిలో బిడ్డ తీయకూడనిది ఏదైనా ఉందా అని చూస్తున్నాను. మెత్తగా ఉన్నది అని గీయబోయి ఒకరోజు ఆగాను. గోడ మీద గొంగళి పురుగు ఉంది, దాని నూగు తగిలితే చేయంతా దురద. పొడవైన సన్ననిది అని కూడా గీయలేదు, జెర్రి ఉండవచ్చు.

సెలవులు అయిపోయి వాళ్ళు వెళ్ళిపోయారు. గువ్వ గుడ్లు పొదగడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ప్రతి సాయంత్రం ఫోనులో ఒకటే ప్రశ్న. ఒకరోజు మెట్ల గది నుండి చూస్తే ఒక పిల్ల కనిపించింది. రెండో గుడ్డు మరో నాలుగు రోజులైనా అలాగే ఉంది. రెండూ పిల్లలయ్యాయని చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. బిడ్డను పిలవడానికి ఏదో ఇస్తానన్న తల్లిని, నిజంగా ఏమివ్వదలచావని దైవప్రవక్త (స) అడిగిన హదీసును నేనే ఎన్నిసార్లు బోధించలేదు? ఏమీ ఇవ్వకపోతే అది అబద్ధంగా వ్రాయబడేదని ఆయన చెప్పారు కదా.

"ఒకటే వచ్చింది బేటీ" అన్నాను.

"రానిది నేను పట్టుకున్నదా?"

"తెలియదు. రెండూ ఒకేలా ఉన్నాయి. కొన్ని గుడ్లు ఎవరూ తాకకపోయినా పిల్లలు కావు."

కాసేపు అటు నుండి చప్పుడు లేదు. తర్వాత, "వచ్చినదానికి కళ్ళు తెరుచుకున్నాయా?" అంది.

చూడలేదన్నాను.

"చూడు నానా. కాని మెట్ల గది నుండే చూడు, దగ్గరికి పోవద్దు."