తలకట్టు, ఒక చిన్న గీత

తెనాలి బోస్ రోడ్డు దగ్గర కొత్తగా రంగులేసిన ఒక మెస్ బోర్డు మీద ‘బోజనశాల’ అని ఉంది. సాయంత్రం రద్దీ తగ్గాక ఓనరుగారికి ఈ చీటీ ఇచ్చాను:

“అన్నగారికి నమస్కారం. బోర్డు చాలా బాగుంది, అక్షరాలు దూరానికే కనిపిస్తున్నాయి. మొదటి అక్షరం ‘బో’ కాదండి, ‘భో’. పదం మొత్తం చెరపనక్కర్లేదు. ‘బ’కి తలకట్టు ఉండదు, ‘భ’కి ఉంటుంది, కింద చిన్న నిలువు గీత కూడా వస్తుంది. ‘భో’ రాసేటప్పుడు తలకట్టు పోయి ఓత్వం వస్తుంది కాబట్టి, మీ బోర్డుకి ఆ కింది గీత ఒక్కటి చాలు. పెయింటరు గారు అదే డబ్బాలోని ఎనామిల్‌తో ఇప్పుడే వేస్తే రంగు కలిసిపోతుంది. ఎండకు బోర్డు వెలిశాక దిద్దితే అతుకు తెలుస్తుంది.”

కింద ‘భోజనశాల’ అని పెద్దగా రాసిచ్చాను. పెయింటరు చేతిలోని కాగితం చూసి అక్షరాన్ని బొమ్మలా దించుతాడు, కాబట్టి తప్పు తరచుగా ఆ కాగితంలోనే ఉంటుంది. నోటితో చెబితే బ, భ తేడా వినపడదు.

నలుగురిలో చెప్పలేదు, ఫొటో పెట్టలేదు. బాపట్లలోనైనా రేపల్లెలోనైనా ఇలాగే ఇస్తాను. మనుషుల పేర్లు, ఇంటిపేర్ల జోలికి మాత్రం వెళ్లను. అవి వాళ్లు రాసుకున్నట్టే ఒప్పు.

మీ వీధిలో కొత్త బోర్డు లేస్తుంటే, రంగు ఆరకముందే ఒకసారి చదవండి.