శని కాదు, సర్టిఫికెట్‌లో ఒక వాక్యం

రైల్వే రాయితీ గురించి మనవాళ్లలో రెండు నమ్మకాలు బలంగా ఉన్నాయి. ఒకటి, కరోనాలో అన్నీ ఎత్తేశారని. 2020 మార్చిలో ఎత్తేసిన మాట నిజమే, కానీ రోగులకూ, విద్యార్థులకూ, నాలుగు రకాల వికలాంగులకూ అప్పుడు కూడా ఉంచారు. పోయినవాటిలో వృద్ధుల రాయితీ ఒకటి. రెండోది, 40 శాతం సర్టిఫికెట్ ఉంటే చాలని. అసలు చిక్కు ఇక్కడే.

ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో మా పక్కింటి బాబాయిగారికి పోలియో. కాలికి క్యాలిపర్, చేతిలో 60 శాతం సర్టిఫికెట్. అయినా రాయితీ కార్డు దరఖాస్తు తిరిగొచ్చింది. పిన్నిగారు "శని నడుస్తోంది" అన్నారు. నేను కాగితాలు చూశాను.

2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. రైల్వే లెక్క వేరు. అంధులు, బుద్ధిమాంద్యం ఉన్నవారు, కాళ్లూ చేతుల వైకల్యం ఉన్నవారు, చెవుడూ మూగతనం రెండూ ఉన్నవారు, అంతే. కాళ్ల విషయంలో వాళ్లు శాతం అడగరు. "తోడు లేకుండా ప్రయాణం చేయలేరు" అని రైల్వే నమూనా ఫారంలో ప్రభుత్వ డాక్టరు ధ్రువీకరించాలి. బాబాయిగారి ఫారంలో ఆ వాక్యం మీద అడ్డగీత ఉంది! ఆయన బోగీ మెట్లు ఒంటరిగా ఎక్కలేరు. ఆ సంగతి అప్పుడు డాక్టరు అడగలేదు, ఈయన చెప్పలేదు. మళ్లీ పరీక్ష చేయించుకుని, కొత్త ఫారం తెచ్చుకున్నారు.

దానితోపాటు వైకల్య ధ్రువపత్రం, ఫోటో, వయసుకూ చిరునామాకూ ఆధారాలు జతచేసి divyangjanid.indianrail.gov.in లో దరఖాస్తు చేయాలి. డాక్టరు సంతకం నిజమో కాదో ఆసుపత్రిలో విచారించాకే కార్డు ఇస్తారు. ఆలస్యమయ్యేది అక్కడే. కార్డు నంబరు వచ్చాక కౌంటర్లోనూ ఆన్‌లైన్లోనూ టికెట్ తీసుకోవచ్చు. స్లీపర్ తరగతిలో వికలాంగుల కోటా బెర్తులు నాలుగు, అందులో రెండు కింద బెర్తులు.

స్లీపర్లో రాయితీ 75 శాతం, తోడు వచ్చేవారికీ అంతే. అయితే అది మూల ఛార్జీ మీదే. ఉదాహరణకి మూల ఛార్జీ 400 అనుకుందాం. అందులో కట్టేది 100. రిజర్వేషన్ 20, సూపర్‌ఫాస్ట్ 30 మాత్రం పూర్తిగా కట్టాలి. మనిషికి 150, ఇద్దరికీ కలిపి 300. రాయితీ లేకపోతే 900. తత్కాల్‌లో ఈ రాయితీ లేదు.

ఇందులో తర్కం కూడా చూడండి. అంధులు ఒంటరిగా వెళ్లినా రాయితీ ఉంది. కాలు లేనివారు ఒంటరిగా వెళితే లేదు. ఎందుకంటే తోడు లేకుండా వెళ్లలేరని కాగితమే చెబుతోంది కదా! కష్టపడి ఒంటరిగా తిరగడం నేర్చుకున్న మనిషికి దక్కేది పూర్తి టికెట్టు. వికలాంగుల్ని దివ్యాంగులన్నారు, బాగానే ఉంది. మార్చవలసింది పేరా, ఆ వాక్యమా?