ఆజానుబాహుడి అవస్థలు

మా ఇంట్లో ఒక పాత హాస్యం ఉంది. నిలబడితే నేను మా బావగారికన్నా రెండంగుళాలు ఎత్తు. పంక్తిలో కూర్చుంటే ఆయనే నాకన్నా ఎత్తు. మొండెం పొట్టి, కాళ్ళూ చేతులూ పొడవు. నా ఎత్తు 175 సెంటీమీటర్లు, బారచాపితే 188. కావ్యాలలో ఆజానుబాహుత్వం మహాపురుష లక్షణం. బెంచ్ ప్రెస్ బల్లమీద వెల్లకిలా పడుకున్నవాడికి మాత్రం అదొక శాపం.

వ్యాయామశాలలో చేరిన మొదటి ఏడాది నా డెడ్‌లిఫ్ట్ 130 కిలోలకు చేరింది. బెంచ్ ప్రెస్ 60 దగ్గర ఆగిపోయింది. పైగా కుడి భుజం ముందువైపున సన్నని సలుపు. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే మెలకువ వచ్చేది. బలం చాలదనుకుని ఇంకా ఎక్కువ చేశాను. సలుపూ ఇంకా ఎక్కువైంది.

ఒకనాడు మా మాస్టారు నా పాదాలవైపు నిలబడి చూసి, "బాబూ, బార్ రొమ్ముకు తగిలినప్పుడు నీ ముంజేతులు నిట్టనిలువుగా లేవు, లోపలికి వాలుతున్నాయి" అన్నారు. భుజాల వెడల్పున బార్ పట్టుకోవడం నా అలవాటు. జబ్బ పొడవైనవాడు అలా పట్టుకుంటే మోచేతులు వీపుకన్నా బాగా కిందికి దిగిపోతాయి. ఆ అడుగున బరువంతా భుజం కీలు ముందుభాగం మీద పడుతుంది. నా సలుపు అక్కడిదే.

బార్ మీద 81 సెంటీమీటర్ల ఎడంతో రెండు నున్నని గీతలుంటాయి. పోటీలలో చూపుడువేళ్ళు వాటిని దాటి వెలుపలికి పోరాదు. నా ఉంగరపువేళ్ళు ఆ గీతలమీద పడేలా పట్టు వెడల్పు చేశారు. ముంజేతులు నిలువయ్యాయి, బార్ ప్రయాణం బెత్తెడు తగ్గింది. మోచేతులను పూర్తిగా పక్కలకు పరచకుండా కొంచెం ఒంటికి దగ్గరగా ఉంచి, బార్‌ను రొమ్ము ఎముక కింది కొస దగ్గర ఆనించమన్నారు. ఇక్కడ పొట్టి మొండెంతో ఒక చిక్కుంది: ఇంకొంచెం కిందికి పోతే బార్ పొట్టమీద వాలుతుంది. అలా వాలిందంటే మోచేతులు మరీ దగ్గరికి లాగామన్నమాట.

ర్యాక్ కొక్కేలను కూడా ఒక రంధ్రం పైకి మార్చారు. పాత ఎత్తులో నేను మోచేతులు వంచి బార్‌ను అందుకుని, సగం ప్రెస్ చేస్తేగాని అది కొక్కెంలోంచి బయటికి వచ్చేది కాదు. ఆ తోపులో వెనక్కి బిగించుకున్న రెక్క ఎముకలు కాస్తా వదులైపోయేవి. చేతులు దాదాపు తిన్నగా ఉండగానే బార్ రెండు వేళ్ళ ఎత్తు లేస్తే చాలు, కొక్కెం వదలాలి.

సలుపు తగ్గేదాకా, సుమారు రెండు నెలలు, నేలమీద పడుకుని ప్రెస్ చేశాను. నాబోటివాడికి బార్ రొమ్ముకు ఇంకా జానెడు దూరాన ఉండగానే జబ్బలు నేలకు ఆనతాయి. భుజం అంతకుమించి సాగదు. కాని అడుగుభాగంలో బలం దీనివల్ల రాదు. అందుకని తర్వాత అరచేతులు ఎదురెదురుగా ఉండేలా డంబెల్స్‌తో, నొప్పి లేనంత లోతువరకే దింపుతూ చేశాను. ఆరు నెలలకు బెంచ్ 72.5 కిలోలు. గొప్పేమీ కాదు. భుజం నొప్పి లేకుండా వచ్చింది.

ఇక డెడ్‌లిఫ్ట్. 1985లో లామార్ గాంట్ అనే అమెరికన్, తాను 60 కిలోల తరగతిలో ఉంటూ 300 కిలోలు ఎత్తాడు. ఒంటి బరువుకు అయిదింతలు ఎత్తిన మొదటివాడు ఆయనే. వెన్నెముక వంకరవల్ల కుదించుకుపోయిన మొండెం, పొడవాటి చేతులు. తుంటినుంచి భుజందాకా ఉన్న దూరమే బరువును మోసే మీటకర్ర. అది పొట్టిదైతే నడుముకు భారం తక్కువ. చేతులు పొడవైతే వీపు అంతగా వాలనక్కరలేదు, బార్ తొడమీద కిందనే ఆగుతుంది.

ఇంత వరమున్నా నేను దాన్ని పాడుచేసుకున్నాను. గుంజీలు తీసేవాడిలా తుంటిని బాగా కిందికి దించి మొదలుపెట్టేవాణ్ణి. పక్కనుంచి తీసిన వీడియోలో తప్పు తెలిసిపోయింది: బార్ నేల వదలకముందే తుంటి ఒక్కటే పైకి లేస్తోంది. మోకాళ్ళు బార్‌ను ముందుకు నెడుతున్నాయి. ఇప్పుడు బార్‌ను పాదం మధ్యభాగానికి సరిగ్గా పైన ఉంచి, తుంటి దించకుండానే వంగి పట్టుకుంటాను. మోకాళ్ళకింది ఎముక బార్‌కు తగిలేదాకా మాత్రమే మోకాళ్ళు వంచి, రొమ్ము విప్పి, బార్‌ను కదల్చకుండా చేతులు బిగించి, ఎత్తుతాను. భుజాలు బార్‌కు కాస్త ముందే ఉంటాయి.

ప్రయాణం తక్కువ కనుక బరువు త్వరగా పెరుగుతుంది, పిడికిలి ముందు ఓడిపోతుంది. నాకు 150 దగ్గర బార్ వేళ్ళలోంచి జారింది. చివరి వరసలో బార్‌ను పైన పదిసెకన్లు పట్టుకుని నిలబడడం మొదలుపెట్టాను. కాళ్ళకు చాలినంత పని దొరకదు కాబట్టి వారానికొకసారి రెండంగుళాల పలకమీద నిలబడి, బరువు బాగా తగ్గించి ఎత్తుతాను.

మొన్న మా బావగారు కూడా వ్యాయామశాలకు వచ్చారు. మొదటి నెలలోనే 60 కిలోలు బెంచ్ చేసి, నావైపు చూసి నవ్వారు. డెడ్‌లిఫ్ట్ బార్ దగ్గరికి మాత్రం ఇంకా రావడంలేదు.