లాయరు ఫోనులో చెప్పిన మాట: అడిగింది, చెప్పింది, డబ్బు



అట్రాసిటీ కేసు పెట్టిన ఇంట్లో లాయరుతో ఫోను మాట్లాడాక జరిగేది దాదాపు ఒకటే. స్పీకరు పెట్టుకుని ముగ్గురు వింటారు, ముగ్గురికీ మూడు రకాలుగా గుర్తుంటుంది. బెయిల్ రాదన్నాడని ఒకరు, వచ్చేస్తుందన్నాడని ఇంకొకరు, ముందు పాతిక వేలు కట్టమన్నాడని మూడోవాళ్ళు. రికార్డింగు ఉంటే మంచిదే, కానీ ఇరవై మూడు నిమిషాల ఆడియోను రెండోసారి కూర్చుని వినేవాళ్ళు ఇంట్లో ఉండరు. దాన్ని ఒక్క పేజీ కాగితం చెయ్యాలి. ఏం అడిగాం, ఆయన ఏం చెప్పారు, డబ్బు మాట ఏం వచ్చింది. ఈ వారం ఆ పని గురించి, మా మేనత్త కేసు పట్టుకుని చెబుతాను.

రేషన్ దుకాణం దగ్గర వరుసలో, అందరి ముందూ అత్తను కులం పేరు పెట్టి తిట్టారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) కింద ఎఫ్‌ఐఆర్ అయింది. అరెస్టయిన మనిషి బెయిల్‌కి వేసుకున్నాడు, గురువారం విచారణ అని మాకు బయటి నుంచి తెలిసింది. ఆదివారం సాయంత్రం లాయరు గారికి ఫోన్ చేశాం. "సార్, పట్నంలో ఉన్న బావకి కూడా చెప్పాలి, రికార్డు చేసుకోమంటారా" అని మొదట్లోనే అడిగాను. సరే అన్నారు. ఆ సరే కూడా ఆడియోలోనే ఉంది.

మొదటిసారి ఆపకుండా విన్నాను. రెండోసారి కాగితం పెట్టుకుని, ప్రతి మాట పక్కన అది ఎన్నో నిమిషంలో ఉందో రాసుకుంటూ విన్నాను. ఎవరికైనా అనుమానం వస్తే ఆ నిమిషానికి పోయి వినొచ్చు.

అడిగినవి రాయడం తేలిక అనుకుంటాం. కానీ మనవాళ్ళు ప్రశ్నలు ప్రశ్నల్లాగా అడగరు. అత్త ఆరు నిమిషాలు కథ చెప్పింది. మధ్యలో, "వాళ్ళ పెద్దమనిషి వచ్చి అరుగు మీద కూర్చుంటన్నాడు సారూ, మాట్టాడుకోమంటన్నాడు" అంది. వాక్యం చివర ప్రశ్న లేదు. కానీ ఆ రోజు ఆమె అడిగిన వాటిలో అన్నింటికన్నా పెద్ద ప్రశ్న అదే. అందుకని "రాజీకి ఒప్పుకోవచ్చా?" అని రాసి, కింద ఆమె మాటలు ఆమె మాటల్లోనే పెట్టాను. లాయరు గారు దానికి తిన్నగానే జవాబిచ్చారు: "ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దమ్మా, నాకు చూపించకుండా." ఇంకో ప్రశ్న, "గురువారం నేను రావాలా సారూ?" అన్నది. అప్పుడే ఆయనకు వేరే ఫోన్ వచ్చింది, తిరిగొచ్చాక మాట వేరే దాని మీదకి పోయింది. కాగితం మీద ఆ ప్రశ్న ఎదురుగా "జవాబు రాలేదు" అని రాశాను. రావాలనే అంటారు, నాకు తెలుసు. అయినా నాకు తెలిసింది ఆయన నోట్లో పెట్టకూడదు.

కష్టమంతా సలహా దగ్గరే. పన్నెండో నిమిషంలో ఆయన అన్న మాట ఇది: "మనకు నోటీసు ఇవ్వకుండా బెయిల్ ఇచ్చేస్తే, అప్పుడు హైకోర్టుకు పోవచ్చమ్మా." బావకి అప్పటికే వాట్సాప్‌లో ఎవరో పెట్టిన మెసేజ్ ఏంటంటే, "లాయరు హైకోర్టుకు పోదామన్నాడు." ఇందులో "ఇచ్చేస్తే" పోయింది, "వచ్చు" పోయింది. చట్టం లెక్క ఇలా ఉంది. సెక్షన్ 15ఎ ప్రకారం బెయిల్ విచారణతో సహా కోర్టులో ఏది జరిగినా బాధితులకు ముందే సమాచారం ఇవ్వాలి, వాళ్ళ మాట వినాలి. ఇది తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2021లో హరిరామ్ భాంభీ కేసులో చెప్పింది. బెయిల్ ఉత్తర్వు మీద హైకోర్టుకు అప్పీలు సెక్షన్ 14ఎ కింద, గడువు 90 రోజులు. అంటే హైకోర్టు మాట గురువారం తర్వాత సంగతి. గురువారం లోపు పని వేరే. "వచ్చు"ని "వచ్చు"గానే, "అయితే"ని "అయితే"గానే రాయకపోతే ఆ పని వదిలేసి ఇంటిల్లిపాదీ హైకోర్టు ఖర్చు గురించి దిగులు పడతారు. పడ్డారు కూడా.

సెక్షన్ నంబర్లతో ఇంకో తంటా. ఆయన "ఫిఫ్టీన్ ఏ" అంటే, సిగ్నల్ సరిగా లేని ఫోనులో అది "ఫిఫ్టీనే" అని వినబడింది. తమ్ముడు పదిహేనే అని రాసుకున్నాడు. నంబరు ఏదైనా చట్టం కాపీ తీసి, ఆయన చెప్పిన విషయం ఆ సెక్షన్‌లో ఉందో లేదో చూశాకే కాగితం ఎక్కించాలి.

"మనం" అన్న మాట దగ్గర కూడా ఆగాలి. "మనం కౌంటరు వేద్దాం" అన్నారు. ఎవరు? ముందూ వెనకా వింటే తేలింది: రాసేది ఆయన. ఎఫ్‌ఐఆర్ కాపీ, కులం సర్టిఫికెట్ మంగళవారం లోపు పంపాల్సింది మేము. వకాలత్ మీద సంతకం పెట్టాల్సింది అత్త. కాగితంలో "మనం" కొట్టేసి మనుషుల్ని రాశాను.

ఇక డబ్బు. పందొమ్మిదో నిమిషంలో ఆయన మాటలు: "దీనికి అయిదు ఇవ్వండి. కేసంతా అంటే ఇరవై ఇరవై అయిదు అవుద్ది. ఖర్చులు మామూలే. పరిహారం వచ్చాక చూసుకుందాంలే." బావ దాన్ని పాతిక అనుకున్నాడు. ఇరవై ఇరవై అయిదు అంటే ఇరవై నుంచి పాతిక దాకా అని. నేను రాసింది: బెయిల్ కౌంటరుకు 5 వేలు. కేసు మొత్తానికి 20 నుంచి 25 వేలు, ఆ అయిదు ఇందులో కలిసిందో లేదో చెప్పలేదు, ఏ దశ వరకో చెప్పలేదు. ఖర్చులు వేరే, ఎంతో చెప్పలేదు.

ఆ చివరి మాట మాత్రం నా మాటల్లోకి మార్చకుండా అలాగే దించాను. పరిహారం వచ్చాక ఫీజు తీసుకుంటాననా, పరిహారంలో వాటా అనా? మొదటిది బాకీ, ఇబ్బంది లేదు. రెండోది అయితే బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు, ఫలితాన్ని బట్టి ఫీజు ముడిపెట్టకూడదు. పైగా ఈ చట్టం కింద వచ్చే సాయం కేసు గెలిచాక ఒకేసారి ఇచ్చేది కాదు, విడతలుగా వస్తుంది. మన వాడల్లో ఆ డబ్బు సగం దారిలోనే ఎవరెవరి చేతుల్లో ఆగుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఆయన మంచాయనే, నాకు అనుమానం లేదు. కానీ కాగితం నమ్మకం మీద రాసేది కాదు.

పేజీ అడుగున గీత గీసి, "ఇవి లాయరు చెప్పినవి కావు" అని రెండు సంగతులు రాశాను. కేసు నడిపేది స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, ఆయనకు అత్త రూపాయి ఇవ్వనక్కర్లేదు. ఈ లాయరు గారు బాధితురాలి తరఫున పక్కన నిలబడే మనిషి. రెండోది, 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్సీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతాడు, ఫోన్ నంబరు 15100. ఏది ఎంచుకోవాలో అత్త ఇష్టం.

కాగితం రెండే కాపీలు, అత్త దగ్గర ఒకటి, బావకి ఒకటి. గ్రూపులో పెట్టమని తమ్ముడు అడిగాడు, వద్దన్నాను. క్లయింటు మాట బయటపెట్టకూడదని భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 132 లాయరు నోరు కడుతుంది, మన గ్రూపులో ఉన్న వంద మందిని కాదు. ఆ అరుగు మీద కూర్చునే పెద్దమనిషి మేనల్లుడు కూడా అందులో ఉన్నాడు.

సోమవారం పొద్దున అత్తే ఫోన్ చేసింది. కాగితంలో ఖాళీగా మిగిలినవి వరుసగా అడిగింది. రావాలమ్మా, పదిన్నరకల్లా కోర్టు దగ్గర ఉండు అన్నారు. అయిదు వేలు ఇరవైలోనే కలిసిందట, సాక్షుల విచారణ అయ్యేదాకా. పరిహారం సంగతి అడిగితే ఆయన నవ్వి, "అది నీ డబ్బమ్మా, నా ఫీజు నెలకింత ఇద్దువులే" అన్నారు. అత్త నా వైపు తిరిగి, ఇది కూడా రాయి, నిమిషం కూడా వెయ్యి అంది. నాలుగో నిమిషం.