అద్దె వస్తోంది సరే, మనిషేడి?

"బాబూ, బాగున్నావా? నిన్ను చూసి నాలుగు నెలలైంది. ఫ్లాట్‌లో ఎవరైనా ఉంటున్నారా? అంతా సేఫేనా? ఒక్క మాట చెప్పు."

మియాపూర్‌లో మా ఓనర్ అంకుల్ పెట్టిన వాట్సాప్ మెసేజ్ అది. అప్పుడు నేను పాలకొల్లులో, నాన్న మంచం పక్కనే లాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకుంటున్నా. ఆయనకి పక్షవాతం వచ్చిందని తెలిసిన రాత్రే బస్సెక్కేశా. వారంలో తిరిగొస్తా అనుకుని ఎవరికీ చెప్పలేదు.

మెసేజ్ చూడగానే చిరాకేసింది. ప్రతి నెలా 5వ తారీఖున అద్దె దానంతటదే వెళ్లిపోతోంది కదా, ఇంకేం కావాలి? ఫ్లాట్ వేరేవాళ్లకి ఇచ్చేశానని అనుమానమా? ఫోన్ చేసి అదే అడిగేశా.

అంకుల్ నొచ్చుకోలేదు. "తాళం వేసిన ఇంటికి 62 యూనిట్ల కరెంటు బిల్లు వచ్చింది బాబూ. కింద ఫ్లాట్‌లో బాత్రూమ్ సీలింగ్ చెమ్మెక్కింది. నా దగ్గర ఇంకో తాళంచెవి ఉంది గానీ, నీకు చెప్పకుండా తలుపు తీయడం పద్ధతి కాదు" అని, కాసేపాగి అన్నారు. "అద్దె వస్తోందంటే నువ్వు బాగున్నట్టు కాదుగా. నీకేమైనా అయినా బ్యాంకు అద్దె పంపిస్తూనే ఉంటుంది."

నా దగ్గర జవాబు లేదు.

సరే, తీసి చూడమన్నా. వాచ్‌మన్‌ని తోడు తీసుకెళ్లి వీడియో కాల్ చేశారు. తలుపు తీయగానే వాచ్‌మన్ ముక్కు మూసుకున్నాడు. బాత్రూమ్ జాలీ కింద ఎప్పుడూ కాసిన్ని నీళ్లు నిలిచి ఉంటాయి, డ్రైనేజీ వాసన పైకి రాకుండా ఆపేది అవే. నెలల తరబడి వాడకపోతే అవి ఆవిరైపోతాయట. ఒక బకెట్ నీళ్లు పోస్తే వాసన తగ్గింది.

గీజర్ ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. అది, ఫ్రిజ్ కలిసి రోజుకి రెండు యూనిట్లు తినేశాయి. కమోడ్ ట్యాంకు గొట్టం దగ్గర చుక్క చుక్కగా కారుతున్న నీళ్లే కింది వాళ్ల సీలింగ్‌కి దిగాయి. గ్యాస్ రెగ్యులేటర్ కూడా నేను ఆపలేదు!

బాత్రూమ్ వాల్వ్, గ్యాస్ కట్టేశారు. ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు కాస్త తీసి ఉంచి, కరెంటు మెయిన్ ఆపేశారు. "ఇక మీటర్ తిరిగిందంటే లోపల ఎవరో ఉన్నట్టే" అని నవ్వారు అంకుల్. పెట్టేసేముందు అడిగారు, "నాన్నగారికి ఎలా ఉంది?"

గొట్టం రిపేరు, కింది వాళ్ల సీలింగ్ పెయింట్ ఖర్చు నేనే ఇచ్చా. అద్దె ఇప్పటికీ 5వ తారీఖున ఆటోమేటిక్‌గానే వెళ్తుంది. దాని వెనకాలే ఒక మెసేజ్ మాత్రం నేనే టైప్ చేస్తా: "అంకుల్, బాగున్నా. ఇంకా ఊళ్లోనే. నాన్న ఇవాళ నాలుగడుగులు వేశారు."