అరగంట ఇంగ్లీషు

ఆదోని పత్తి మార్కెట్టులో పొద్దున్నే కాసేపు నిలబడితే మూడు భాషలు ఒకేసారి చెవిని పడతాయి. రైతు తెలుగులో అడుగుతాడు. బళ్ళారి వైపునుంచి వచ్చినవాడు కన్నడంలో బదులు చెబుతాడు. బండి తోలేవాడు ఉర్దూలో ఇద్దర్నీ పక్కకు జరగమంటాడు. వీళ్ళలో మూడు భాషలూ బడిలో చదువుకున్నవారు ఎవరూ ఉండరు. అయినా బేరం ఆగదు, బండీ ఆగదు. ఆ మనుషులకే ఇంగ్లీషు అనేసరికి నోరు పెగలదు. కారణం ఏమిటంటే, కన్నడాన్ని మనం చెవితోనూ నోటితోనూ పట్టుకున్నాం. ఇంగ్లీషును కంటితో పట్టుకోబోయాం.

నేను ఆదోనిలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఇంగ్లీషు సంగతి వ్రాయడానికి వీడెవడని మీరు అడగవచ్చు. కాని తెలుగువాడు ఇంగ్లీషులో ఏ గుమ్మం దగ్గర తడబడతాడో తెలియాలంటే, ముందు తెలుగు ఇల్లు తెలిసి ఉండాలి కదా!

నా కాపురం ఎమ్మిగనూరులో. రోజూ సుమారు 30 కిలోమీటర్లు బస్సులో పోయి వస్తాను. 1938లో మాచాని సోమప్పగారు చేనేతవారికి సహకార సంఘం పెట్టిన ఊరు ఇది. మా వీధిలో ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో మగ్గం చప్పుడు వినబడుతుంది. అలాంటి ఇంటి ఇల్లాలు ఒకామె, ముప్పై అయిదేళ్ళది, పదో తరగతి దాకా తెలుగులో చదివింది, ఒకనాడు మా ఇంటికి వచ్చింది. ఆమె కూతురు ఆదోనిలో ఇంగ్లీషు బడిలో ఆరో తరగతి చదువుతోంది. పిల్ల టీచరమ్మ కేరళనుంచి వచ్చినామె, తెలుగు రాదు. తల్లిదండ్రులను పిలిచిన రోజున టీచరమ్మ అడిగినదానికి తల్లి బదులు కూతురే జవాబులు చెప్పింది.

"పిల్ల ఏం చెప్పిందో, ఏం దాచిందో నాకు తెలీదన్నా. రెండు నెల్లకు మళ్ళీ పిలుస్తారు. ఈ తూరి నేనే మాట్లాడల్ల" అంది.

"రోజుకు ఎంతసేపు వీలవుతుందమ్మా?" అన్నాను.

"అరగంట. అంతకు మించితే కండెలు చుట్టేదెవరు?"

ఆ అరగంటను నాలుగు ముక్కలు చేశాం. మొదటి అయిదు నిమిషాలు నిన్నటి వాక్యాలను కాగితం చూడకుండా అనడం. తర్వాత పది నిమిషాలు వినడం, విన్నది విన్నట్టు అనడం. ఆపై పది నిమిషాలు ఒకే వాక్యంలో మాటలు మార్చి మార్చి అనడం. చివరి అయిదు నిమిషాలు ఎవరికో ఒకరికి తన సంగతి చెప్పడం. ఈ అరగంటలో ఎక్కడా మౌనంగా చదవడమన్నది లేదు.

వినడానికి మా కాలేజీ ఇంగ్లీషు మాస్టారు సాయం చేశారు. బడిలో పనికివచ్చే పది వాక్యాలను ఫోనులో చదివి ఇచ్చారు. మాటామాటా విడగొట్టకుండా మామూలు వేగంతోనే చదివి, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆమె తిరిగి అనేటంత వ్యవధి వదిలారు. వారమంతా అవే పది వాక్యాలు. కొత్తవి సోమవారంగాని రావు. మూడోనాటికి ఆమె చెవికి మాటల అంచులు తెలిశాయి. "షి ఈజ్ ఇన్ క్లాస్ సిక్స్" అన్నది మొదట్లో ఆమెకు ఒకే పొడుగాటి మాటగా వినబడేదట.

అసలు పని మూడో ముక్కలో ఉంది. దాన్ని కొంచెం విడమరచి చెబుతాను.

ఆమెకు ఇంగ్లీషు మాటలు తక్కువేమీ రావు. ఫీవర్, మార్క్స్, ఫీజు, లీవు అన్నీ మన ఇళ్ళలో తిరిగేవే. వాటిని వాక్యంలో కూర్చడం రాదు. మొదటిరోజు "పాపకు జ్వరం వచ్చింది అనమ్మా" అంటే "పాపకి ఫీవర్ కమింగ్" అంది. ఇది తెలివితక్కువతనం కాదు, తెలుగుతనం. తెలుగులో జ్వరం వస్తుంది, మనిషికి వస్తుంది. ఇంగ్లీషులో మనిషే ముందుకు రావాలి: "షి హ్యాడ్ ఫీవర్."

మన భాషలో నాకు తెలుసు, నాకు కావాలి, నాకు ఉంది, నాకు ఇష్టం అంటాం. ఆ నాలుగు "నాకు"లూ ఇంగ్లీషులో "ఐ" అయి కూర్చుంటాయి: ఐ నో, ఐ వాంట్, ఐ హ్యావ్, ఐ లైక్. రెండో గుమ్మం ఇంకొకటి. "ఆమె టీచరు" అంటే తెలుగులో వాక్యం పూర్తయింది, క్రియ అక్కరలేదు. ఇంగ్లీషులో మధ్యన "ఈజ్" పడకపోతే వాక్యం నిలవదు: "షి ఈజ్ ఎ టీచర్." మొదలుపెట్టేవారికి ఈ రెండు గుమ్మాలూ దాటితే చాలు. తక్కిన వ్యాకరణం తర్వాత చూసుకోవచ్చు.

వీటిని సూత్రాలుగా బట్టీపట్టిస్తే లాభం లేదు. హెరాల్డ్ పామర్ అనే ఇంగ్లీషు పండితుడు 1916లోనే వంద పట్టికలతో ఒక పుస్తకం వేశాడు. వాక్యం చట్రాన్ని కదల్చకుండా ఒక్కొక్క గడిలో మాటలు మార్చుకుంటూ పోవడమే ఆయన పద్ధతి. ఉదాహరణకు "షి నీడ్స్" అన్నది చట్రం. దాని తర్వాత ఎ బుక్, రెస్ట్, మోర్ టైమ్, యువర్ హెల్ప్ అని మారుస్తాం. అది నోటికి ఎక్కాక ముందుమాట మారుస్తాం. "షి" ఉన్నచోట "మై డాటర్" వస్తుంది. "ఐ" వస్తే "నీడ్స్" కాస్తా "నీడ్" అవుతుంది. పది నిమిషాల్లో ఒక్క చట్రంమీద పాతిక వాక్యాలు నోట్లోంచి వస్తాయి.

ఈ సంగతి చెబుతుంటే ఆమె నవ్వింది. "ఇంతేనా అన్నా? పడుగు అట్లనే ఉంటాది, పేక మారుస్తాం."

అంతకన్నా బాగా నేను చెప్పలేను. ఆరోజునుంచి మా పాఠానికి అవే పేర్లు.

చివరి అయిదు నిమిషాల సంగతి. కీత్ మారిస్ అనే అధ్యాపకుడు 1983లో ఒక చిట్కా ప్రచురించాడు. ఒకే విషయాన్ని ముగ్గురికి చెప్పాలి, మొదటివారికి నాలుగు నిమిషాల్లో, రెండోవారికి మూడింటిలో, మూడోవారికి రెండింటిలో. ఏం చెప్పాలన్న వెతుకులాట రెండోసారికే తీరిపోతుంది గనుక, నోరు తడుముకోవడం తగ్గుతుంది. కొత్తవారికి నాలుగు నిమిషాలు ఎక్కడివి? మేము దాన్ని ఒక నిమిషం, ముప్పావు నిమిషం, అర నిమిషం చేశాం. వినేవారు వరసగా భర్త, అత్తగారు, గోడ అద్దం. అత్తగారికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా తలాడించి వినేది.

సిగ్గు సంగతి అడుగుతారేమో. ఆమె తన అరగంటను భర్త మగ్గంమీద కూర్చున్న వేళకు పెట్టుకుంది. "ఆ టకటకలో నా ఇంగ్లీషు వీధిలోకి పోదన్నా" అంది. మగ్గం లేని ఇళ్ళవారు మిక్సీనో, కుళాయినో చూసుకోవచ్చు.

రెండు వారాలకు ఒక చిక్కు బయటపడింది. వాక్యాలన్నీ వరసగా, శతకం అప్పగించినట్టు గడగడ చెబుతోంది. మధ్యలో ఆపి "హౌ ఓల్డ్ ఈజ్ షి?" అంటే మొదటినుంచి ఎత్తుకుంటోంది. మాట వచ్చిందా, వరస వచ్చిందా అని తేల్చుకునే పరీక్ష ఇదే. వరస తప్పించి అడిగితే, మనసులో మూడు లెక్కపెట్టేలోపు జవాబు రావాలి. రాకపోతే అది బట్టీ. మందు సులువు. వాక్యాల తెలుగు అర్థాలను చీటీలమీద వ్రాసి ఇత్తడి చెంబులో వేశాం. మొదటి అయిదు నిమిషాల్లో చేతికి వచ్చిన చీటీ తీసి ఇంగ్లీషు చెప్పాలి. చెప్పగలిగిన చీటీ మూడు రోజులు పక్కకు, ఆపైన వారానికి మళ్ళీ చెంబులోకి. చెప్పలేనిది రేపే తిరిగి వస్తుంది.

రెండో చిక్కు ఇంకా పెద్దది. మనం అడగడం నేర్చుకుంటాం, ఎదుటివారు చెప్పేది మన చేతిలో ఉండదు. మాట్లాడేందుకు భయం చాలామందికి ఇక్కడే పుడుతుంది. అందుకని మొదటి వారంనుంచే మూడు వాక్యాలు అన్నిటికన్నా ముందు నోటికి పట్టించాం. "ప్లీజ్ సే దట్ ఎగైన్" అంటే మళ్ళీ చెప్పండని. "స్లోలీ, ప్లీజ్" అంటే నిదానంగా అని. "ప్లీజ్ రైట్ ఇట్" అంటే వ్రాసి ఇవ్వండని. ఈ మూడూ తడుముకోకుండా వచ్చినవారికి ఎదుటివారి ఇంగ్లీషు వరదలా మీద పడదు, చెంబుతో ముంచుకున్నట్టు వస్తుంది.

ఉచ్చారణను ఒక్క విషయంలోనే పట్టించుకున్నాం. మాట చివర మనం చేర్చే "ఉ"కారం. బుక్కు, క్లాసు, హెల్పు అని తెలుగులో అంటే అందమే. ఇంగ్లీషు వాక్యంలో ప్రతి మాటకూ అది తగిలిస్తే వినేవారికి మాటలు కలగాపులగమవుతాయి. పెదవి మూసి "హెల్ప్" దగ్గరే ఆగడం ఆమె వారంలో పట్టింది. తక్కిన యాసను ముట్టుకోలేదు. కేరళ టీచరమ్మకు మాత్రం తన యాస లేదా?

ఎనిమిదో వారంలో ఆదోని పిలుపు వచ్చింది. కూతురిని బయట కూర్చోబెట్టి లోపలికి వెళ్ళిందట. "షి హ్యాడ్ ఫీవర్. షి ఈజ్ వెల్ నౌ. షి ఈజ్ వీక్ ఇన్ మ్యాథ్స్. వాట్ షుడ్ షి స్టడీ ఫస్ట్?" అంది. టీచరమ్మ గబగబా ఏదో చెప్పింది. "స్లోలీ, ప్లీజ్." మళ్ళీ చెప్పింది. భిన్నాలని తెలిసింది, ఏ పుస్తకమో తెలియలేదు. "ప్లీజ్ రైట్ ఇట్." టీచరమ్మ చీటీమీద వ్రాసి ఇచ్చింది. పిల్ల రెండుసార్లు ఇంటిలెక్క చేయకుండా వచ్చిందన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. క్రితంసారి జవాబుల్లో అది లేదు!

ఈ అరగంట ఆమెకు ఏమి ఇవ్వలేదో కూడా చెప్పాలి. ఇంగ్లీషు సినిమా ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఫోనులో ఎదుటి ముఖం కనబడదు గనుక అక్కడ తడబడుతుంది. బడి సంగతి దాటి రాజకీయాలు మాట్లాడమంటే నోరు మూసుకుంటుంది. రెండు నెలల అరగంటలకు ఒక్క విషయంలో నిలదొక్కుకునే శక్తి వస్తుంది, అంతే. రెండో విషయం కావాలంటే మళ్ళీ పది వాక్యాలతో మొదలుపెట్టాలి. కాని పడుగు తయారుగా ఉంటుంది గనుక ఈసారి అంత కాలం పట్టదు.

ఇప్పుడు ఆమె అంగడికి వచ్చే పరాయి ఊరివాళ్ళకోసం కొత్త వాక్యాలు అడుగుతోంది. ధర, కొలత, రంగు. నిన్న మా ఇంటి గుమ్మంలో నిలబడి "అన్నా, దిస్ కలర్ విల్ నాట్ గో" అని మగ్గం గుడ్డ చూపించింది. రంగు పోదని అర్థం. మాస్టారికి చూపించి సరేననిపించుకున్నాం, చీటీ వ్రాసి చెంబులో వేశాం.